గూట్లో మూడు సీసాలు

మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దామె ఉన్న ఇంట్లో, ఆవిడ మంచం పక్క గూట్లో చెయ్యి పెడితే కనీసం మూడు సీసాలు తగులుతాయి. పసుపు రంగు బామ్ సీసా ఒకటి, కొడుకు పట్నం నుంచి తెచ్చిచ్చిన స్ప్రే డబ్బా ఒకటి, తీర్థయాత్రకు వెళ్లిన చుట్టాలెవరో తెచ్చిపెట్టిన నొప్పుల నూనె ఒకటి. పొద్దున్నే కాలు కింద పెట్టలేక స్ప్రే కొట్టుకుంటుంది. మధ్యాహ్నం నడుం వాల్చే ముందు బామ్ రాసుకుంటుంది. రాత్రి కోడలి చేత నూనె మర్దన చేయించుకుని, మీద వేడినీళ్ల సంచి పెట్టి, పాత చీర పేలికతో గట్టిగా కట్టు కట్టించుకుని పడుకుంటుంది. ఆవిడ దృష్టిలో అవి మూడు వేరు వేరు మందులు. ఒకటి ఇంగ్లీషు మందు, ఒకటి ఆయుర్వేదం, ఇంకొకటి నాటు వైద్యం.

లేబుళ్లు చదివితే ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. స్ప్రే డబ్బా మీద చిన్న అక్షరాల్లో మిథైల్ సాలిసిలేట్ అని ఉంటుంది. ఆయుర్వేద బామ్ మీద ఆ పేరు కనపడదు, గంధపుర తైలం అనో, గంధపురో ఆయిల్ అనో ఉంటుంది. నొప్పుల నూనె మీద వింటర్‌గ్రీన్ ఆయిల్ అని ఉండొచ్చు. ఈ మూడు పేర్లూ దాదాపు ఒకే పదార్థానివి. హిమాలయాల్లోనూ నీలగిరి కొండల్లోనూ పెరిగే గాల్తేరియా అనే పొద ఆకుల నుంచి తీసే నూనెలో అత్యధిక భాగం మిథైల్ సాలిసిలేటే. అలాగే లేబుల్ మీద పుదీనా కా ఫూల్, సత్ పుదీనా అని కనిపిస్తే అది మెంథాల్. పేరులో పువ్వు ఉందని మోసపోకూడదు, పుదీనా జాతి మొక్క నూనెను చల్లార్చి విడదీసిన స్ఫటికాలవి. కర్పూరానికి మాత్రం ఏ భాషలోనైనా దాచుకునే పేరు లేదు.

పెద్దామె రోజుకు మూడు మందులు వాడటం లేదు. ఒకే మందును మూడుసార్లు, మూడోసారి వేడి పెట్టి, కట్టు కట్టి మరీ వాడుతోంది.

తెలుగువాళ్లకు బామ్‌తో బంధుత్వం పాతదే. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచి దాన్ని జనానికి అలవాటు చేశారని చెబుతారు. ఆ రాబడే తర్వాత ఆంధ్రపత్రికకు ఊపిరి పోసింది. ఒక తలనొప్పి మందు భాషకు ఒక దినపత్రికను ఇచ్చిందంటే అతిశయోక్తి కాదు. ఇంత పాత స్నేహం కాబట్టే కాబోలు, బామ్‌ను మందుగా ఎవరూ లెక్కపెట్టరు. డాక్టరు "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే మాత్రల పేర్లన్నీ చెబుతారు, గూట్లో సీసాల సంగతి ఎత్తరు.

బామ్ రాయగానే చల్లగా అనిపిస్తుంది. థర్మామీటరు పెట్టి చూస్తే ఆ చల్లదనానికి తగ్గట్టు కండరం చల్లబడి ఉండదు. చర్మం కింది నరాల కొనల్లో చలిని పసిగట్టే ఒక ప్రోటీన్ ఉంటుంది. చల్లటి నీళ్లు తగిలితే తెరుచుకునే ఆ ద్వారాన్నే మెంథాల్ కూడా తెరుస్తుంది. అమెరికాలో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌ల బృందాలు 2002లో విడివిడిగా ఈ సంగతి తేల్చాయి. స్పర్శ, ఉష్ణోగ్రత గ్రాహకాల మీద చేసిన పరిశోధనలకు ఆ ఇద్దరికీ 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. జూలియస్ అంతకుముందే, 1997లో, మిరపకాయ కారం ఏ ద్వారం తడుతుందో కనిపెట్టారు. ఒంటికి నిజంగా వేడి తగిలినప్పుడు తెరుచుకునే ద్వారమే అది. కర్పూరం కూడా దాన్నే తట్టి, కాసేపటికి మొద్దుబారుస్తుంది. మిథైల్ సాలిసిలేట్ చర్మాన్ని కాస్త చికాకు పెట్టి అక్కడ రక్తప్రసరణ పెంచుతుంది, అందుకే రాసిన చోట వెచ్చబడి ఎర్రబడుతుంది. చలి, వేడి కబుర్లు ఒకేసారి మెదడుకు చేరుతుంటే వాటి రద్దీలో నొప్పి కబురు వెనకబడుతుంది. దెబ్బ తగిలిన చోటును చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉండటం లాంటిదే ఇదీ.

దీన్నిబట్టి మంటకూ మానడానికీ సంబంధం లేదని అర్థమవుతుంది. "బాగా మండుతోంది, మందు పనిచేస్తోంది" అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. మండుతున్నది నరాల కొనలే. అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది. మంట చాలలేదని మరో పొర రాస్తే పెరిగేది ఉపశమనం కాదు, ఒంట్లోకి వెళ్లే మందు మోతాదు.

మూడింటిలో జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాల్సింది మిథైల్ సాలిసిలేట్‌ను. ఇది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. చర్మం గుండా లోపలికి దిగి, సాలిసిలిక్ ఆమ్లంగా మారి రక్తంలో కలుస్తుంది. దాని బలం తెలియాలంటే చిన్న లెక్క చాలు. ఏమీ కలపని గంధపుర తైలం ఒక టీ స్పూను, అంటే 5 మిల్లీలీటర్లు తీసుకుంటే, అది సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం. 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు ఇరవై ఒకటి ఒక్క స్పూనులో ఇమిడి ఉన్నట్టు. పసిపిల్ల తాగితే ప్రాణం పోయే మోతాదది. కొన్ని దుకాణాల్లో ఇదే నూనె చిన్న సీసాల్లో, మామూలు మూతతో, తీయటి వాసనతో దొరుకుతుంది.

ట్యూబులో అంత గాఢత ఉండదు. పదిశాతం మిథైల్ సాలిసిలేట్ ఉన్న 30 గ్రాముల ట్యూబులో 3 గ్రాముల మందు ఉంటుంది, ఆస్పిరిన్ లెక్కలో పదకొండు మాత్రలంత. చర్మం మీద రాస్తే అందులో కొంత భాగమే లోపలికి వెళుతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మనిషి బెణికిన మడమకు నాలుగు రోజులు రాసుకుంటే భయపడాల్సింది లేదు. చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. రెండు అరచేతులంత చోటుకు అది సరిపోతుంది. మోకాలికి అంతకంటే పెద్దగా అక్కర్లేదు. అదే ట్యూబు మూడు రోజుల్లో ఖాళీ అవుతోందంటే రోజుకు పది గ్రాములు ఒంటికి పడుతోందన్నమాట. వాడకం శ్రుతి మించిందని చెప్పడానికి అంతకన్నా తేలికైన గుర్తు లేదు. ట్యూబు కొన్న తేదీని పెన్నుతో దానిమీదే రాసి పెట్టుకుంటే చాలు.

రాసిన కాస్తలో ఎంత లోపలికి దిగుతుందన్నది వేడి మీద ఆధారపడుతుంది. వేడికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, మందును తొందరగా లాక్కుంటాయి. ఎండలో ఉంటూ వ్యాయామం చేసినవాళ్ల రక్తంలోకి చేరే సాలిసిలేట్ మామూలు కంటే మూడు రెట్ల వరకు పెరిగినట్టు పరిశోధనల్లో తేలింది. ఏప్రిల్ ఎండలో గుంటూరు మిర్చి యార్డులో బస్తాలెత్తే హమాలీ వీపంతా బామ్ పట్టించి పనిలోకి దిగితే, నీడపట్టున కూర్చున్నవాడికి దిగే మందు కంటే అతనికి చాలా ఎక్కువ దిగుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటే లోపలికి చేరిన దాన్ని బయటికి పంపడం మూత్రపిండాలకు ఇంకా కష్టం. ఇలాంటి మనిషికి బామ్ రాసే వేళ సాయంత్రం. స్నానం అయ్యాక, ఒళ్లు చల్లారాక, బాగా నొప్పి ఉన్న చోట మాత్రమే.

2007లో న్యూయార్క్‌లో 17 ఏళ్ల పరుగుపందేల అమ్మాయి ఒకరు చనిపోయారు. ఒంట్లో మిథైల్ సాలిసిలేట్ విషస్థాయికి చేరడమే కారణమని అక్కడి వైద్య పరీక్షాధికారి తేల్చారు. కాళ్ల నొప్పులకు ఆమె ఒకటికి మించిన నొప్పి మందులను ఒళ్లంతా విరివిగా వాడింది. ఇలాంటి మరణం అరుదు, చాలా అరుదు. కానీ అందులో ఉన్నవన్నీ మన గూట్లో ఉన్నవే. ఒకే మందు వేరు వేరు రూపాల్లో, ఎక్కువ చోట్ల, రోజుల తరబడి, అలిసి వేడెక్కిన ఒంటి మీద.

వేడినీళ్ల సంచి, కాపడం, కరెంటు హీటింగ్ ప్యాడ్ ఇవన్నీ బామ్ మీద పెట్టకూడనివే. లోపలికి దిగే మోతాదు పెరగడం ఒక ఇబ్బంది అయితే, చర్మం కాలడం ఇంకొకటి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2012 సెప్టెంబరులో ఇలాంటి పైపూత మందుల వల్ల చర్మం కాలిన 43 కేసులను బయటపెట్టింది. కొందరికి బొబ్బలెక్కాయి, కొందరికి ఆస్పత్రిలో చికిత్స కావాల్సి వచ్చింది. చాలామందికి మొదటిసారి రాసుకున్న 24 గంటల్లోనే ఇది జరిగింది. మెంథాల్ 3 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం మించిన వాటిలో ఎక్కువగా కనిపించిందని ఆ సంస్థ చెప్పింది. మన దగ్గర అమ్మే బామ్‌లు, నూనెల్లో చాలావాటికి ఈ గాఢతలు మామూలే. అందుకని కొత్త సీసా తెచ్చినరోజు ముంజేతి మీద రూపాయి బిళ్లంత చోట రాసి, మర్నాటిదాకా ఆగి చూడటం మంచిది.

చురుక్కుమనే వెచ్చదనానికీ కాలడానికీ తేడా ఎలా తెలుస్తుంది? వెచ్చదనం పావుగంట, అరగంటలో మెల్లగా దిగుతుంది. కాలుతుంటే మాత్రం సమయం గడిచేకొద్దీ మంట పెరుగుతుంది, చర్మం ఉబ్బుతుంది, నీటిబొబ్బ లేస్తుంది. అప్పుడు చాలామంది నేరుగా కుళాయి కిందికి పరిగెత్తుతారు. బామ్ జిడ్డు కాబట్టి ఉత్త నీళ్లకు వదలదు, పక్కలకు పాకుతుంది. ముందు పొడిగుడ్డతో ఒత్తి తుడిచేయాలి, రుద్దకూడదు. తర్వాత సబ్బు, చల్లని నీళ్లతో కడగాలి. వేడినీళ్లు పోసుకోకూడదు. బొబ్బ కనిపిస్తే ఆ సీసాను ఇక ముట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి. కంట్లో పడితే పావుగంటసేపు నీళ్ల ధారతో కడుగుతూనే ఉండాలి. మోకాలికి రాసి చేతులు కడుక్కోకుండా కళ్లు నులుముకున్నవాళ్లకు ఈ అనుభవం కొత్తేం కాదు.

పెద్దామె దగ్గరికి మళ్లీ వద్దాం. ఆవిడకు గుండె కవాటం మార్చి ఉందనుకుందాం. అలాంటివాళ్లు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గానీ అసెనోకౌమరాల్ గానీ రోజూ వేసుకుంటారు. నెలకోసారి రక్తపరీక్ష చేయించి, ఐఎన్‌ఆర్ అనే అంకెను బట్టి డాక్టరు మాత్ర మోతాదు దిద్దుతారు. చర్మం మీద రాసిన మిథైల్ సాలిసిలేట్ కూడా వార్ఫరిన్ పనిని పెంచి ఆ అంకెను పైకి తోసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం, తగలని చోట కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే అది ఆ పరిస్థితికి గుర్తు. డాక్టరు మాత్ర ఎక్కువైందని తగ్గిస్తారు. ఆవిడ నూనె మానేసిన వారం రక్తం మళ్లీ చిక్కబడుతుంది. సీసాల సంగతి చెప్పనంతకాలం ఈ ఎగుడుదిగుడుకు కారణం దొరకదు.

ఆవిడకు సరిపడే ఏర్పాటు ఏమిటంటే, సాలిసిలేట్ ఉన్న మూడూ పక్కన పెట్టి, ఏది రాసుకోవచ్చో గుండె డాక్టరునే అడగడం. రాత్రి వేడినీళ్ల సంచి పెట్టుకోవచ్చు, ఏమీ రాయని మోకాలి మీద, మధ్యలో తువ్వాలు మడతతో. వార్ఫరిన్ లాంటి మందు లేని పెద్దవాళ్లకైతే ఒక్క సీసా చాలు. రోజుకు మూడు, నాలుగుసార్లు మించకుండా, కట్టు కట్టకుండా వాడుకుని, వారంలో తగ్గకపోతే ఆపేయాలి. ఆస్పిరిన్ పడక ఆయాసం వచ్చేవాళ్లు, గర్భిణులు, జ్వరంతోనో ఆటలమ్మతోనో ఉన్న పిల్లలు మాత్రం మిథైల్ సాలిసిలేట్‌కు దూరంగా ఉండాలి. బామ్ రాసుకునేవాళ్లకు చెవుల్లో హోరు, వికారం, ఆగని ఎగశ్వాస మొదలైతే వయసుతో పని లేకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఒంట్లో సాలిసిలేట్ మించిపోయిందనడానికి అవి తొలి సూచనలు.

కర్పూరంతో వచ్చే ముప్పు వేరే. అది పెద్దవాళ్లకంటే పిల్లలకే ఎక్కువ. జలుబు చేసిన పసిబిడ్డకు కొబ్బరినూనెలో కర్పూరం వేసి మరగబెట్టి ఛాతీకి రాయడం మన ఇళ్లలో తరాల అలవాటు. ఎంత కర్పూరం వేస్తారని అడిగితే "ఓ గుప్పెడు" అంటారు. 50 మిల్లీలీటర్ల నూనెలో 10 గ్రాముల కర్పూరం కరిగిస్తే అది 18 శాతం దాకా వస్తుంది. అమెరికాలో పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదు. ఇరవై శాతం కర్పూరం నూనెను ఆముదమనుకుని పిల్లలకు తాగించిన ప్రమాదాలు వరసగా జరిగాక, 1980లలో దాన్ని అక్కడ అమ్మకం నుంచే తీసేశారు. మన ఇంటి నూనె ఒక టీ స్పూను పొరపాటున నోట్లోకి వెళితే ముప్పావు గ్రాముకు పైగా కర్పూరం వెళ్లినట్టే. రెండేళ్ల లోపు పిల్లకు ఫిట్స్ రావడానికి అది చాలు. కొన్ని నిమిషాల్లోనే రావచ్చు, అందుకే ఇంట్లో ఎదురుచూడకూడదు, వాంతి చేయించకూడదు. ఫిట్స్ వచ్చిన పిల్ల గొంతులోకి ఆ వాంతే అడ్డం పడుతుంది. సీసాను, దేవుడిగూట్లో కర్పూరం తింటే ఆ పొట్లాన్ని వెంట తీసుకుని 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో పగలూ రాత్రీ సలహా ఇస్తుంది.

రెండేళ్ల లోపు పిల్లలకు మెంథాల్, కర్పూరం ఉన్న ఏ బామ్ అయినా రాయకూడదు. ముక్కుపుటాల దగ్గర అసలే రాయకూడదు, ఘాటుకు ఊపిరి కాసేపు ఆగిపోయే ప్రమాదం ఉంది. మరగబెట్టేటప్పుడు ఇంకో చిక్కుంది. కర్పూరం దేనికి వాడతామో హారతి పళ్లెం చూస్తే తెలుస్తుంది, పొయ్యి మీద మూకుడు వేడెక్కితే ఆవిరికే అంటుకుంటుంది.

స్ప్రేల సంగతీ అలాగే. డబ్బాలోంచి మందును తోసే గ్యాసు, మందును కరిగించిన ఆల్కహాల్ మండే గుణం ఉన్నవే. గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి, దీపం వెలుగుతున్న గదిలో కూర్చుని కొట్టుకోకూడదు. సిగరెట్టు కాలుస్తున్న మనిషికి మరీ కొట్టకూడదు. డబ్బాను ముందు బాగా ఆడించి, గాలి తగిలే చోట, లేబుల్ మీద చెప్పిన దూరం నుంచి కొట్టి, ఆరాక బట్ట కప్పుకోవాలి. మెడకు కావాలంటే అరచేతిలో కొట్టుకుని రాయాలి, ముఖం వైపు నేరుగా కొట్టకూడదు. ఎండలో ఆపిన కారులో డబ్బా వదిలేయకూడదు. ఖాళీదైనా చెత్తమంటలో వేస్తే పేలుతుంది. క్రికెట్ మైదానంలో ఫిజియో పరిగెత్తుకొచ్చి కొట్టే చల్లని స్ప్రే ఇది కాదని కూడా తెలిసి ఉండాలి. చర్మాన్ని నిజంగానే గడ్డకట్టేంత చల్లబరిచే రసాయనాలు అందులో ఉండొచ్చు. చూసి వచ్చిన కుర్రాళ్లు మామూలు నొప్పుల స్ప్రేను ఒకే చోట అరనిమిషం ఆపకుండా కొట్టి చర్మం కాల్చుకుంటారు.

స్ప్రే, జెల్లుల్లో మరో పేరు వెతకాలి, డైక్లోఫెనాక్. బెణుకుల మీద నిజంగా పనిచేస్తుందని దీనికి గట్టి ఆధారాలున్నాయి. కోక్రేన్ సంస్థ సమీక్షలు బెణుకులు, కండరాల దెబ్బల మీద డైక్లోఫెనాక్ జెల్లును బలంగా సమర్థించాయి. సాలిసిలేట్ పూతల మీద 2014 సమీక్ష మాత్రం కొత్త దెబ్బలకు వాటి ఉపయోగాన్ని సమర్థించేంత ఆధారం దొరకలేదంది. హాయిగా అనిపించడం వేరు, నయం కావడం వేరు. దుకాణంలో వాసన చూసి సీసా ఎంచుకునే అలవాటున్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. డైక్లోఫెనాక్ మాత్ర కూడా వేసుకుంటున్నవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు డాక్టరును అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు.

ఇక బామ్ అడ్డుపడకూడని నొప్పులు రెండున్నాయి. ఒక కాలి పిక్కే ఉబ్బి, ఎర్రబడి, నొక్కితే నొప్పి పుడుతుంటే, ముఖ్యంగా ఆపరేషన్ అయ్యాకనో, చాలా గంటలు కదలకుండా ప్రయాణం చేశాకనో అయితే, సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. ఎడమ భుజం, దవడ, ఛాతీ మధ్య లాగేస్తూ చెమటలు పడుతుంటే అది గ్యాసో, పట్టేయడమో అనుకుని బామ్ రాయించుకుంటూ గంట గడిపేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. గుండెపోటుకు మొదటి గంటే విలువైనది. అప్పుడు మూత తీయాల్సింది సీసాకు కాదు, ఫోన్ తీసి 108 నొక్కాలి. రాసిన బామ్ చల్లగా తగిలి నొప్పి కాస్త తగ్గినట్టనిపించినా, అంబులెన్సు ఎక్కాల్సిందే.